పానం మంచిగ లేదు

నేను కాపురానికి వెళ్లిన ఇంట్లో దుఃఖం అన్న మాట ఎవరైనా పోయినప్పుడు మాత్రమే వాడేవాళ్లు. ఆ సంగతి నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. అందుకే వెళ్లిన కొత్తలోనే, ఉన్నవాళ్లందరూ కడుపునిండా తిని కూర్చున్న ఒక మధ్యాహ్నం, ఆ మాట అనేసి ఇల్లంతా కలబెట్టాను.

మా పుట్టిల్లు కొత్తకోట దగ్గర. ఇంట్లో మేం ముగ్గురమే, బాపు, అవ్వ, నేను. అమ్మను నేను అవ్వా అనేదాన్ని. ముగ్గురే ఉన్న ఇంట్లో ఎవరికి కోపమొచ్చినా, ఏడుపొచ్చినా దాచుకోవడానికి జాగా ఉండదు. బాపుకు దిగులైతే "ఇయ్యాల నాకు దిగులుగున్నది బిడ్డా" అనేవాడు. "నీకొక్కనికేనా, నాకూ ఉన్నది" అనేది అవ్వ. ముగ్గురం కాసేపు కలిసి దిగులుపడి, జొన్నరొట్టె తిని పడుకునేవాళ్లం.

అత్తగారిల్లు నల్లగొండ జిల్లాలో, రామన్నపేటకు అవతల. మా ఊరి నుంచి అక్కడికి రావాలంటే రైలెక్కి పట్నం చేరాలి, పట్నంలో మోటారెక్కాలి, మోటారు దిగి ఎడ్లబండి ఎక్కాలి. నిజాం రాజ్యంలో అది మాలాంటివాళ్లకు దేశం దాటినంత దూరం. ఇంట్లో మామ, ఆయన తమ్ముడు, ఇద్దరి భార్యలు, వాళ్ల కొడుకులు, కోడళ్లు, పిల్లలు. పొయ్యి ఒక్కటే. ఆ పొయ్యి మీద ఎసరు కాగే చప్పుడు ఎప్పుడూ ఆగేది కాదు. మనుషులు గోడలకు, ధాన్యం గుమ్ములకు, ఒకరికొకరు ఆనుకుని బతికేవాళ్లు.

ఆ మధ్యాహ్నం నేను గుమ్ము పక్కన కూర్చుని కన్నీళ్లు తుడుచుకుంటుంటే అత్తమ్మ చూసింది.

"ఏమైంది పిల్లా? ఎందుకేడుస్తున్నవు?"

మా ఇంట్లో చెప్పినట్టే చెప్పాను. "బాపు యాదికొస్తుండు అత్తమ్మా. దుఃఖమొస్తుంది."

అత్తమ్మ ముఖం మాడిపోయింది. "దుఃఖమా? ఎవలేమన్నరు నిన్ను?"

"ఎవలేమనలే."

"ఎవలేమనకుంటే దుఃఖమెందుకొస్తది?"

విచారణ మొదలైంది. పొద్దున నాతో పాటు పిడకలు చేసిన పెద్ద యారాలిని పిలిపించారు. యారాలంటే మా బావగారి భార్య, నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె ఏమీ అనలేదని తేలింది. బావి దగ్గర ఎవరన్నా అన్నారేమోనని అడిగారు. చిన్నత్తను, అంటే మామ తమ్ముడి భార్యను, అడిగారు. ఆమె "నేనెందుకంట, నాకేం పని" అని అలిగి అన్నం మానేసింది. సాయంత్రం మా ఆయన పొలం నుంచి వచ్చేసరికి, కోడలిని ఏడిపించుకు తింటున్న ఇల్లుగా మా ఇల్లు స్థిరపడిపోయింది. ఆయన నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "నీకు ఏం తక్కువైంది మా ఇంట్ల?" అని అడిగాడు. బాపు తక్కువయ్యాడు అని చెప్పబోయి ఊరుకున్నాను.

మర్నాడు జొన్నలు విసురుతూ అక్క నాకు అసలు సంగతి చెప్పింది. విసుర్రాయి మోతలో మాట బయటికి పోదని ఆమెకు తెలుసు.

"గట్ల దుఃఖమని అనొద్దు చెల్లె. దుఃఖమంటే ఎవలో ఒకలు పెట్టినట్టైతది. అప్పుడు ఎవలు పెట్టిన్రని ఎతుకుతరు. నొప్పంటే దానంతటదే వచ్చినట్టు. ఎవల మీదా పడది."

"మరి నొప్పి లేకుంటే?"

ఆమె రాయి తిప్పడం ఆపి నా వైపు చూసింది. "దుఃఖమున్నది, నొప్పి లేదా? గదెట్ల? నువ్వు చూసుకోలే. జర చూస్కో, యాడనో నొస్తుంటది."

దొంగ నొప్పి నేర్పుతోందనుకున్నాను. ఆమెకూ వారానికోసారి తలనొప్పి వచ్చేది. తలకు గుడ్డ బిగించి కట్టి, నుదుటికి శొంఠి గంధం రాసుకుని, చీకటిగదిలో పడుకునేది. ఆమె తలనొప్పి ఎప్పుడొస్తుందో కొన్నాళ్లకు నాకూ పసిగట్టడం వచ్చింది. మా బావ నలుగురిలో ఆమెను కసిరినప్పుడు, ఆ సాయంత్రానికి గుడ్డ కట్టేది. కానీ ఆ గదిలోకి నీళ్లు తీసుకుని వెళ్తే, ఆమె కణతల దగ్గర నరం పైకి తేలి కొట్టుకోవడం కళ్లారా చూశాను. వెలుతురు పడితే కడుపులో తిప్పి వాంతి చేసుకునేది. దొంగ నొప్పి వాంతి తెప్పించదు.

ఆ తలనొప్పి వచ్చిన రోజు అత్తమ్మ ఆమెను పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. బావ తలుపు దగ్గర నిలబడి "జర తగ్గిందా" అని నాలుగైదుసార్లు అడిగి వెళ్లేవాడు. ఆయన కసిరిన మాటకు అదే క్షమాపణ. కసిరిన సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తరు.

ఇట్లా చూడటం అలవాటయ్యాక ఆ ఇల్లు నాకు కొత్తగా కనబడసాగింది. అక్కడ పొద్దున లేవగానే "ఎట్లున్నవు" అని అడగరు. "పానం ఎట్లున్నది" అని అడుగుతారు. పానమంటే ఒళ్లూ అదే, ప్రాణమూ అదే. "పానం మంచిగ లేదు" అంటే జ్వరం కావచ్చు, కోపం కావచ్చు, కొడుకు మాట వినకపోవడం కావచ్చు. అడిగినవాళ్లు ఎక్కడ అని అడుగుతారు గానీ, ఎందుకు అని అడగరు. చిన్నత్తకు తిమ్మిర్లు. ఆమెను అడక్కుండా ఇంట్లో ఏ నిర్ణయం జరిగినా కాళ్లలో చీమలు పాకేవి. అత్తమ్మకు మోకాళ్లు. కొడుకులు తల్లికి వినబడకుండా మాట్లాడుకున్నారంటే ఆమె మోకాళ్లకు ముందు తెలిసేది.

నొప్పులకు వరుస కూడా ఉండేది. నేను ఒకసారి నడుం పట్టుకుని "అబ్బా" అన్నాను. అత్తమ్మ, చిన్నత్త, అక్క ముగ్గురూ ఒక్కసారే నా వైపు చూశారు.

"ఇగో, పిల్లలు కాకముందే నడుమా?" అంది చిన్నత్త. నడుం నొప్పి నా వయసుకు మించిన హోదా అని అప్పుడు తెలిసింది.

అక్క చెప్పినట్టు చూసుకోగా చూసుకోగా, నాకు నిజంగానే ఒకటి కనబడింది. గొంతులో ఒక ఉండ. అన్నం మింగితే దిగేది, నీళ్లు తాగితే దిగేది, ఏమీ లేనప్పుడు మాత్రం అక్కడే కూర్చునేది. మెడ రెండు పక్కలా నరాలు గుంజేవి. అది అంతకుముందు నుంచే ఉంది. దాన్ని ఏడుపు అనుకుని ఊరుకున్నాను, అంతే. అత్తమ్మకు చెప్పాను. ఎవరు పెట్టారని ఎవరూ అడగలేదు. మిరియాల కషాయం కాచి ఇచ్చింది. మెడకు ఉప్పు మూట కాపడం పెట్టింది. పెడుతూ పెడుతూ, తాను ఈ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు తనకూ ఇట్లాగే గొంతు పట్టిందని, ఏడాదిపాటు విడవలేదని చెప్పింది. ఆ రోజు ఆమె నాతో మాట్లాడినంత అంతకుముందెన్నడూ మాట్లాడలేదు.

ఇదంతా ఆడవాళ్ల వ్యవహారం అనుకున్నాను. మగవాళ్లకు కోపం ఉంటుంది, కేకలుంటాయి, వాళ్లకిది అక్కర్లేదనుకున్నాను. అన్నదమ్ములు వేరుపడ్డాక గానీ నా పొరపాటు తెలియలేదు.

మామకూ, చిన్నమామకూ రెండేళ్లే తేడా. పుట్టినప్పటి నుంచి ఒకరిని విడిచి ఒకరు లేరు. పొద్దున్నే బావి దగ్గర ఒకరి వీపు ఒకరు పీచుతో రుద్దుకుంటూ, పొలం సంగతులు మాట్లాడుకునేవాళ్లు. ఆ మాటలు సగం వీధికి వినబడేవి. ఆ ఏడు చెలక దగ్గర, అంటే వాన మీద పండే ఎర్రనేల చేను దగ్గర, తేడా వచ్చింది. చెలకలో ఎప్పటిలాగా జొన్నే వేద్దామని మామ. ఆముదాలు వేద్దామని చిన్నమామ.

"ఆముదాలు తిని బతుకుతమారా?" అన్నాడు మామ.

"జొన్న తిన్నోళ్లందరు బతికిన్రా?" అన్నాడు చిన్నమామ.

మాటకు మాట పెరిగింది. పంటను దాటి చిన్నప్పటి సంగతులకు పోయింది. చివరికి చిన్నమామ వీధికి ఆ చివర, తమ పాత గొడ్ల కొట్టాన్ని బాగుచేసుకుని సంసారం మార్చాడు. చెలకలో ఆయన పాలు ఆయనకు విడిపోయింది. విడిపోయిన రోజు ఎవరూ ఏడవలేదు. మామ దగ్గరుండి గంగాళాలు, గిన్నెలు పంచి, తమ్ముడికి పెద్ద గంగాళం ఇచ్చి, "మంచిదే. ఇల్లు ఇరుకైతుండె" అని అరుగు మీద కూర్చున్నాడు.

కొన్ని రోజులకు మామకు వీపులో మంట మొదలైంది.

రెండు రెక్కల మధ్య, తన చేయి పైనుంచి గానీ కిందినుంచి గానీ అందని చోట మంట. నిప్పు కణిక పెట్టినట్టుందనేవాడు. అన్నం సగంలో ఆపి లేచిపోయేవాడు. రాత్రి బోర్లా పడుకునేవాడు. పొద్దున అందరికంటే ముందు లేచే మనిషి, ఎండ వచ్చేదాకా మంచం దిగేవాడు కాదు. బావి దగ్గరికి వెళ్లడం మానేసి ఇంట్లోనే రెండు చెంబులు పోసుకునేవాడు.

ఇల్లంతా ఆ వీపు వెంట పడింది. వావిలాకు వేసి నీళ్లు కాచారు. ఇటుక పెళ్ల కాల్చి గుడ్డలో చుట్టి కాపడం పెట్టారు. అది సరిగా చుట్టలేదు కాబోలు, వీపు నిజంగానే కాలి బొబ్బ లేచింది. దాంతో లోపలి మంట ఒకటి, పై మంట ఒకటి అయ్యాయి. దిష్టి తీశారు. అటు తర్వాత ఆ మంట ఒకచోట నిలవడం మానేసింది. ఒకరోజు మెడలోకి ఎక్కింది, ఒకరోజు పక్కటెముకల్లోకి దిగింది. పొద్దున లేచి అత్తమ్మ, "ఇయ్యాల యాడికొచ్చింది?" అని అడిగేది, ఊళ్లు తిరిగే అల్లుడి గురించి అడిగినట్టు.

అవతలి ఇంటి కబురు నేను తెచ్చేదాన్ని. పొయ్యిలు వేరైనా పాలిచ్చే బర్రె మా దగ్గరే ఉంది కనుక, రోజూ సాయంత్రం నేను చిన్నత్తకు ఒక గిన్నెలో పెరుగు ఇచ్చి వచ్చేదాన్ని. చిన్నమామ కొత్త కొట్టంలో మంచం మీద కాళ్లు చాపుకుని కనబడేవాడు.

"మీ మామ పానమెట్లున్నది?" అని అడిగాడు ఒకరోజు.

"ఈపుల మంటంట మామా. అన్నం తింటలేడు."

ఆయన పిక్కలు నిమురుకున్నాడు. "నాకు పిక్కలు పట్టినయ్. రెండు పిక్కలు. అడుగేస్తె ముడిపడుతున్నయ్. లేకుంటే వచ్చి చూసిపోదును."

"గట్లనే చెప్పాలె మీ మామకు. పిక్కలు పట్టినయ్ అని," అంది చిన్నత్త నొక్కి.

చెప్పాను. మామ అరుగు మీది నుంచి లేవకుండానే, "పిక్కలా? పిక్కలదేమున్నది. నా మంట ముందల పిక్కలెంత?" అన్నాడు. ఆగి, "ఏం రాస్తుండట?" అన్నాడు.

మర్నాడు అక్కడ "ఏం రాస్తుండు" అన్న మాట చెప్పాను. చిన్నమామ చాలాసేపు వివరంగా చెప్పాడు. పొద్దున ఏది, సాయంత్రం ఏది, కట్టు ఎట్లా కట్టాలి. అన్న గురించి ఒక్క మాట అడగలేదు, అన్న వీపు గురించి మాత్రం పూసగుచ్చినట్టు అడిగాడు. మంట ఎండపొద్దు ఎక్కువనా, చల్లపొద్దు ఎక్కువనా? ఎడమకా, కుడికా? ఇట్లా పెరుగు గిన్నెతో పాటు నేను రెండు ఒళ్ల కబుర్లు మోసుకుని ఆ వీధిలో తిరిగాను. ఇద్దరిలో ఎవరి నొప్పి పెద్దదో తేలడం లేదు. నేను మాత్రం ఎవరి దగ్గరికెళ్తే వాళ్లది పెద్దదన్నట్టు తలూపేదాన్ని.

వానాకాలం పంటలు ఇంటికొచ్చేసరికి మామ బాగా చిక్కిపోయాడు. సర్కారు దవాఖానకు తీసుకెళ్దామని కొడుకులు నిర్ణయించారు. మనుషులెక్కే గూడు బండి, కచ్చరం కట్టించారు. మా ఆయన బండి తోలుతాడు, ఉర్దూ చదువుకున్నాడు కనుక డాక్టరుతో మాట్లాడతాడు.

"బండి ఎట్లయిన పోతున్నది గద," అంది అత్తమ్మ. "నా మోకాళ్లు గూడ చూపిద్దం. గీ పిల్ల గొంతు గూడ చూపిద్దం."

అలా ఒక వీపు, రెండు మోకాళ్లు, ఒక గొంతు బండెక్కాయి. తలనొప్పి అక్క మాత్రం, ఇంటి దగ్గర ఒకరు ఉండాలని ఆగిపోయింది. తెల్లవారకముందే బయలుదేరితే పొద్దు బాగా ఎక్కాక చేరాం.

డాక్టరు సాబ్ నెరిసిన గడ్డపాయన. ఉర్దూలో మాట్లాడేవాడు, మధ్య మధ్య తెలుగు ముక్కలు వేసేవాడు. మామను ఆయన తేలిగ్గా చూడలేదని ఒప్పుకోవాలి. నాలుక చూశాడు, కనురెప్ప కింద చూశాడు. గుండెకు గొట్టం పెట్టి విన్నాడు. వీపంతా వేళ్లతో కొట్టి కొట్టి విన్నాడు. కడుపు నొక్కాడు. వెన్నుపూసలు ఒక్కొక్కటి తడిమాడు. బొబ్బకు మందు రాశాడు. అన్నీ అయ్యాక చేతులు కడుక్కుంటూ మా ఆయనతో ఏదో అన్నాడు. మా ఆయన నేల చూశాడు.

"ఏమంటుండురా?" అన్నాడు మామ.

"ఏం లేదంటుండు నాయినా. గుండె మంచిగున్నదట, ఊపిరి మంచిగున్నదట."

"మరి మంట?"

డాక్టరు తనే తెలుగులో అందుకున్నాడు. "ఒంట్లో బీమారీ లేదు. ఏమన్న ఫికర్ ఉన్నదా? ఇంట్లో జగడా? అన్నదమ్ములు, కొడుకులు? మనసులో ఉంటె గిట్ల అయితది."

ఆ మాటలో తప్పు లేదు. ఇన్నేళ్ల తర్వాత చెబుతున్నాను, అక్షరం తప్పు లేదు. కానీ మామ ముఖం చూస్తే, ఆయన్ను నలుగురిలో చొక్కా విప్పి నిలబెట్టినట్టుంది. నిజానికి చొక్కా విప్పే ఉంది, దాన్ని గబగబా తొడుక్కున్నాడు.

"ఫికరా? నాకేం ఫికర్! నాకు పిచ్చి పట్టిందంటుండా? నేను అబద్దమాడుతున్ననా? ఈడ నిప్పు లెక్క మండుతాంది, ఏం లేదంటడా!"

అంటూ ఆయన వీపు మీది చోటు చూపించబోయాడు. చేయి అందలేదు. అందక గిరగిరా తిరుగుతున్న ఆ పెద్దమనిషిని చూసి నవ్వు ఆపుకోవడానికి నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆయన మాత్రం విసురుగా బయటికి వెళ్లి బండిలో కూర్చున్నాడు.

తర్వాత అత్తమ్మ వంతు. డాక్టరు ఆమె మోకాళ్లు చూసి, ఇవి నిజంగానే వాచాయని, లోపల కీళ్లు అరిగాయని, కింద కూర్చుని లేవడం తగ్గించాలని చెప్పాడు. పూసుకోవడానికి మందిచ్చాడు. ఆ మోకాళ్లను కొడుకుల గుసగుసల లెక్కలో వేసి నవ్వుకున్న నాకు అక్కడ కొంచెం సిగ్గేసింది. రెండూ ఉండొచ్చని అప్పటిదాకా తోచలేదు. అరిగిన కీలు గుసగుసలకు మరింత నొస్తుంది, అంతే.

చివరగా నేను. డాక్టరు అద్దం పెట్టి గొంతులోకి చూశాడు. మెడ తడిమి చూశాడు. ఏమీ లేదని ఆయన కళ్లలోనే తెలిసింది. ఏమీ లేదని ఈసారి నోటితో అనలేదు. బయట బండిలోంచి మామ గొణుగుడు ఇంకా వినబడుతోంది. డాక్టరు అటు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు.

"ఈమెది ఏ ఊరు?" అని అత్తమ్మను అడిగాడు.

"కొత్తకోట దిక్కు సాబ్."

"తల్లిగారింటికి పోయి ఎన్ని రోజులైంది?"

"ఏడ తీరింది సాబ్. శానా దూరం."

డాక్టరు గడ్డం నిమురుకుని గంభీరంగా చెప్పాడు. "గొంతుకు ఈ నీళ్లు పడుతలేవు. చిన్నప్పటి నుంచి తాగిన నీళ్లు కొన్నాళ్లు తాగాలె. నీళ్లు మార్చకుంటే తగ్గది."

అత్తమ్మ వెంటనే తలూపింది. "అవు, నేను గదే అనుకుంటున్న. మా నీళ్లల్ల సున్నం ఎక్కువ."

నీళ్లను ఎవరు తప్పుపడతారు? మా ఇంటివాళ్లు పెట్టిన కష్టమని గానీ, నేను ఓర్వలేనిదాన్నని గానీ ఎవరూ అనుకోనక్కర్లేదు. మామ మీద నేర్చుకున్న పాఠాన్ని ఆ డాక్టరు నా మీద అమలు చేశాడు. ఇద్దరికీ ఒకటే రోగం చూశాడు. ఒకరికి నిజం చెప్పి తిట్లు తిన్నాడు, ఇంకొకరికి మందు చెప్పి దండం పెట్టించుకున్నాడు. మామకు కూడా ఒక ఎర్రటి మందునీళ్ల సీసా పంపించాడు. మామ దాని బిరడా తీసి వాసన చూసి, "పంచదార పానకం" అని పక్కన పెట్టేశాడు.

ఇల్లు చేరాక మామ తలుపేసుకుని పడుకున్నాడు. మర్నాడు కూడా లేవలేదు. మంట ఇప్పుడు వీపంతా పాకిందన్నాడు.

సాయంత్రం నేను ఎప్పటిలాగా పెరుగు తీసుకెళ్లాను. అత్తమ్మ గిన్నె చేతికిస్తూ, "డాక్టరు ఏమన్నడో అడిగితే దాచకు, ఉన్నదున్నట్టు చెప్పు" అంది. అప్పుడు ఆ మాటను పట్టించుకోలేదు.

చిన్నమామ మంచం మీద పిక్కలకు కట్లు కట్టుకుని ఉన్నాడు. "ఏమన్నడట డాక్టరు?"

"ఏం రోగం లేదన్నడు మామా."

"ఏందీ?"

"ఒంట్ల ఏం లేదట. ఫికర్ చేస్తుండట, మనసుల ఉన్నదట."

చిన్నమామ లేచి కూర్చున్నాడు. "రోగం లేదన్నడా! మా అన్న అన్నం తింటలేడు, నిద్రపోతలేడు, సగమైండు, రోగం లేదంటడా! వానికేమెరుక! చిన్నప్పటిసంది జరమొచ్చినా చేను విడువని మనిషి మా అన్న. ఊకెనే మంటంటడా?"

"నీ పిక్కలు," అని చిన్నత్త గుర్తు చేయబోయింది.

ఆయన వినలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా, ఒక కట్టు ఊడి వెనక ఈడ్చుకొస్తుంటే, వీధిలో నడిచాడు. వెనక చిన్నత్త, ఆమె వెనక ఖాళీ పెరుగు గిన్నెతో నేను. దారిలో కనబడ్డవాళ్లందరికీ ఆ డాక్టరు సంగతి చెప్పుకుంటూ పోయాడు. అన్న మంచం దగ్గరికి వెళ్లాక గానీ ఆగలేదు. అక్కడ ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"వాడు డాక్టరేనా?" అన్నాడు చిన్నమామ.

మామ లేచి కూర్చున్నాడు. "నేనదే అంటున్న. డాక్టరైతే తెల్వదా?"

"గడ్డముంటే డాక్టరైతడా?"

"గొట్టం పెట్టిండు, ఏం లేదన్నడు. గొట్టానికి మంట ఎట్ల కనబడ్తది?"

"ఎట్ల కనబడ్తది!"

ఇద్దరూ కలిసి, పాపం ఆ మంచి డాక్టరును తిట్టడం మొదలుపెట్టారు. ఆయన చదువును తిట్టారు, గొట్టాన్ని తిట్టారు, ఎర్ర సీసాను తిట్టారు. చాలా రోజుల తర్వాత ఆ రెండు గొంతులు కలిసి వీధికి వినబడ్డాయి. తిట్లు అయిపోవచ్చాక చిన్నమామ, "ఏదీ, ఈపు చూపెట్టు" అన్నాడు.

మామ అటు తిరిగి కూర్చున్నాడు. చిన్నమామ బొబ్బ తప్పించి, రెండు రెక్కల మధ్య బొటనవేలు పెట్టాడు. "ఈడనేనా?"

"జర కిందికి. ఆ. గక్కడ్నే."

"రాయి లెక్కున్నది. ముడి కట్టింది." చిన్నమామ మా అందరి వైపూ చూసి, "చూడున్రి, ముడి కట్టింది! ఏం లేదంటడు వాడు!" అన్నాడు.

మామ కళ్లు మూసుకున్నాడు. ఆయన భుజాలు ఒక్కసారి కిందికి దిగాయి.

చిన్నత్త ఇంటికి వెళ్లి ఒక ముంత తెచ్చింది. అందులో ఆముదం ఉంది, ఆ ఏడు వాళ్ల పాలికొచ్చిన చెలకలో పండిన ఆముదాలతో వండింది. అత్తమ్మ దాన్ని కొంచెం వెచ్చచేసి తెచ్చింది. చిన్నమామ దాన్ని అరచేతిలో పోసుకుని అన్న వీపుకు రాయడం మొదలుపెట్టాడు. వాసన తగలగానే మామ కళ్లు తెరిచాడు. ఎక్కడిదో ఆయనకు తెలిసిపోయింది. అందరం చూస్తున్నాం.

"చిక్కగున్నది," అన్నాడు కొంతసేపటికి.

"చెలక మంచిది," అన్నాడు చిన్నమామ.

"జొన్నకు గూడ మంచిదే."

"మంచిదే," అన్నాడు చిన్నమామ, రాస్తూనే.

అంతకుమించి ఆ చెలక మాట రాలేదు. అప్పుడు మామ వెనక్కి తిరగకుండానే, "నీ పిక్కలెట్లున్నయ్?" అని అడిగాడు. చిన్నమామ కిందికి చూసుకున్నాడు. ఊడిన కట్టు గడప దాకా పరుచుకుని ఉంది. "జర నయమున్నది" అన్నాడు. చిన్నత్త నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పరుగెత్తింది.

పొయ్యిలు మళ్లీ కలవలేదు. వేరు వేరే. అయితే రోజూ సాయంత్రం చిన్నమామ ముంత పట్టుకుని వచ్చేవాడు. వీపుకు రాశాక మామ ఆయన పిక్కలకు కట్టు కట్టేవాడు. మామ అన్నం తిన్నాడు, నిద్రపోయాడు, మళ్లీ బావి దగ్గరికి వెళ్లాడు. కానీ మంట పూర్తిగా పోయిందని మాత్రం ఎన్నడూ అనలేదు. "తక్కువుంది" అనేవాడు. పూర్తిగా తగ్గితే తమ్ముడు ముంత తీసుకుని రావడానికి కారణం ఉండదు కదా. దాన్ని తగ్గించాలని ఎవరూ పట్టుబట్టలేదు కూడా.

నీళ్లు మార్చడానికి నన్ను పంపే ఏర్పాటు అత్తమ్మే చేసింది. మా ఆయన మోటారు దాకా బండి తోలుతానన్నాడు, మోటారు పట్నం చేరాక అక్కడికి బాపు వచ్చి తీసుకెళ్తాడు. బయలుదేరే రోజు పొద్దున అత్తమ్మ రొట్టెలు మూట కట్టి ఇచ్చింది. బండి దగ్గరికి వచ్చి, బండి చక్రం మీద చేయి వేసి నిలబడింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయో, ఎండకు అట్లా మెరిశాయో నేను చెప్పలేను.

"పిల్లా, గొంతు నయమైనంక తొందరగ రా. నువ్వు లేకుంటే నా మోకాళ్లు మస్తు గుంజుతయ్."

అంతకుముందయితే వంగి లేచే పని ఎవరు చేస్తారని ఆమె ఫికర్ అనుకునేదాన్ని. అప్పటికి ఆ ఇంటి మాట నాకు వచ్చేసింది.

"పొద్దుమాపు కాపడం పెట్టుకో అత్తమ్మా," అన్నాను. "నాకు మెడ పట్టినట్టే ఉన్నది. అక్కడ ఎక్కువ రోజులుంటే ఆ నీళ్లు గూడ పడవేమో."

"పడవు, పడవు," అంది అత్తమ్మ సంతోషంగా, చక్రం మీది చేయి తీసి. ఎడ్లు కదిలాయి.